గాలిలో తేలే ఇనుప గుండు

విద్యుదయస్కాంతం కింద ఇనుప గుండును తేలించే ప్రయోగం చూడండి. గుండు కాస్త పైకి జరిగితే ఆకర్షణ పెరిగి అతుక్కుపోతుంది, కిందికి జారితే పడిపోతుంది. సెన్సర్ ఎత్తును గమనిస్తూ కరెంటును క్షణక్షణం సరిచేస్తేనే అది నిలుస్తుంది.

పక్కలకు ఊగడం సంగతి వేరు. గుండు మధ్య నుంచి తొలగితే అయస్కాంతమే వెనక్కి లాగుతుంది, గాలి నిరోధం ఊపును తగ్గిస్తుంది. చిన్న కదలికల లెక్కలో కరెంటు మార్పు ఆ ఊపును తాకలేదు, ఎత్తు సెన్సర్‌కు అది కనిపించదు కూడా. అయినా ఇబ్బంది లేదు. తనంతట తగ్గని కదలికలన్నీ మన అదుపుకు లొంగితే చాలు, అదే స్టెబిలైజబిలిటీ. అవన్నీ కొలతల్లో బయటపడితే డిటెక్టబిలిటీ.

అయితే ఊపు తగ్గే వేగం మన చేతిలో లేదు. అది 5 సెకన్లకోసారి సగమవుతుందనుకుంటే, ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా ఎనిమిదో వంతుకు రావడానికి 15 సెకన్లు ఆగాల్సిందే. ఇదే గుండును శూన్యంలో తేలించి, మరే నిరోధమూ లేదనుకోండి. ఊపు ఇక ఆగదు, రెండు లక్షణాలూ పోతాయి. అప్పుడు పక్కన మరో కాయిల్, మరో సెన్సర్ పెట్టక తప్పదు.