చామనచాయ చేతులకు గోళ్ల రంగులు: పెళ్లికీ పండక్కీ

ముదురు చామనచాయ, నలుపు మేనిచాయ ఉన్న చేతుల మీద గోళ్ల రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందా లేదా అన్నది ముఖ్యంగా ఆ రంగులో తెలుపు ఎంత కలిసిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. లేత గులాబీ, లేత ఊదా, లేత ఆకుపచ్చ లాంటి నెయిల్ పాలిష్‌లలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి ఎక్కువగా కలుపుతారు. రంగును లేతగా మార్చేదీ, సీసాలో ముద్దుగా కనిపించేలా చేసేదీ అదే. ఆ పొడి తన మీద పడిన వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. తెల్లటి చేతి మీద చర్మానికీ గోటికీ మధ్య తేడా తక్కువ కాబట్టి ఇది పెద్దగా తెలియదు. ముదురు చేతి మీద మాత్రం గోరు సుద్ద పూసినట్టు పాలిపోయి, పక్కనున్న చర్మం కూడా బూడిద రంగుకు తిరిగినట్టు అనిపిస్తుంది. లేత రంగు వేసుకున్నాక చేయి ఇంకా నల్లబడిందని చాలామంది అనుకునేది ఇందుకే. తప్పు చర్మానిది కాదు, ఆ సీసాలో కలిపిన తెలుపుది.

తెలుపు కలవని చిక్కటి రంగులు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తాయి. ముదురు చర్మం వాటికి చక్కటి నేపథ్యం అవుతుంది. పట్టుచీరల దుకాణంలో రోజూ వినిపించే పేర్లతోనే వీటిని చెప్పుకోవచ్చు: దానిమ్మ ఎరుపు, బచ్చలిపండు రంగు, రాణి రంగు, నెమలికంఠం నీలం, చిలకపచ్చ, కనకాంబరం. ఇవన్నీ ముదురు చేతి మీద నిండుగా నిలబడతాయి. వీటిలోనూ రాణి, బచ్చలిపండు రంగులది ప్రత్యేకమైన బలం. వాటిలోని నీలి జీర గోధుమవన్నె చర్మం నుంచి గోటిని స్పష్టంగా విడదీస్తుంది. పచ్చటి జీర ఉన్న మేనిచాయకైనా, ఎర్రటి జీర ఉన్న మేనిచాయకైనా ఇవి రెండూ ఇమిడిపోతాయి.

లోహపు మెరుపు రంగులది వేరే దారి. వీటిలో అభ్రకం పలుకులో, అల్యూమినియం రేకుల్లాంటి సన్నటి పొరలో ఉంటాయి. అవి వెలుతురును అద్దంలా ఒకే వైపుకు తిప్పి పంపుతాయి. రాగి, కంచు, పాత బంగారం రంగులు గోధుమవన్నె చర్మానికి దగ్గరి చుట్టాలే. అయినా చర్మం కంటే ఎక్కువ వెలుగును తిరిగి ఇవ్వడం వల్ల అవి చేతిలో కలిసిపోకుండా జ్వలిస్తాయి. పెళ్లిలో చేతికి 22 క్యారెట్ల బంగారు గాజులు ఉంటాయి కాబట్టి, వాటి పచ్చదనానికి దగ్గరగా ఉన్న బంగారు రంగునే ఎంచుకోవాలి. తెల్లబారిన షాంపేన్ రంగు ఆ గాజుల పక్కన వెలవెలబోతుంది. ముత్యపు మెరుపున్న లేత గులాబీ అన్నిటికన్నా నిరాశపరుస్తుంది. దానిలో తెలుపూ మెరుపూ రెండూ కలిసి ముదురు చేతిమీద బూడిద ఛాయగా తేలుతాయి.

లేత రంగులన్నీ పనికిరావనీ కాదు. పారదర్శకత లేని అచ్చ తెలుపు ముదురు చేతిమీద ఎంతో దర్జాగా ఉంటుంది. అడుగు కనిపించేలా అరకొరగా పూసిన తెలుపుతోనే ఇబ్బంది. చర్మం రంగులో కలిసిపోయేలా ఉండాలనుకునేవారు మార్కెట్లో ‘న్యూడ్’ పేరుతో దొరికే లేత గులాబీ, ఉల్లిపొర రంగులను వదిలి, కాఫీ, తేనె, ఇటుక వన్నెల్లో తమ చర్మం కంటే ఒక మెట్టు ముదురుదో, లేతదో చూసుకోవాలి. మేనిచాయలోని జీర పచ్చనిదా, ఎర్రనిదా అని నిజంగా పట్టించుకోవలసింది ఈ రంగుల దగ్గరే. చిక్కటి రంగులకు ఆ లెక్క అంతగా అవసరం లేదు.

తెలుగువారి పెళ్లిలో గోళ్ల రంగు ఒంటరిగా ఉండదు. దాని పక్కన గోరింటాకు ఉంటుంది, పసుపు ఉంటుంది. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం గోటిలోని కెరటిన్‌ను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. రిమూవర్‌తో తుడిచినా పోదు. చేతివేలి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అందుకే ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు దసరా నాటికి కూడా గోటి కొసన నారింజ చంద్రవంకలా కనిపిస్తుంటుంది. ఇలాంటి గోటి మీద పలుచని గులాబీ రంగు వేస్తే సగం గోరు ఒక రంగులో, సగం ఇంకో రంగులో తేలుతుంది. అడుగు కనిపించని చిక్కటి రంగు వేసుకోవడం ఒక మార్గం. గోరింటాకు పెట్టుకునే ముందే గోళ్ల మీద రంగులేని పాలిష్ ఒక పూత వేసుకుంటే గోటికి పండదు. తర్వాత ఆ పూతను తుడిచేస్తే సరిపోతుంది.

ఇంకో చిక్కు, వేలి కొసలు బాగా పండినప్పుడు వస్తుంది. ముదురు చేతిమీద గోరింటాకు ఎర్రటి గోధుమ రంగులో పండుతుంది. దాని పక్కన నారింజ జీర ఉన్న ఎరుపు వేస్తే, కాస్త దూరం నుంచి చూసేవారికి వేలు ఎక్కడ ఆగిందో, గోరు ఎక్కడ మొదలైందో తెలియదు. నీలి జీర ఉన్న దానిమ్మ ఎరుపు అయితే ఆ గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఎరుపులో ఏ జీర ఉందో తెలుసుకోవడానికి తెల్లకాగితం మీద ఓ చుక్క వేసి, పగటి వెలుతురులో కుంకుమ పక్కన పెట్టి చూస్తే చాలు.

పసుపు లేత రంగులకు శత్రువు. పసుపులోని కర్‌క్యుమిన్ పాలిష్ పొరలోకి ఇంకుతుంది. నలుగు, తలంబ్రాలు, విస్తట్లో పప్పూ పులుసూ కలిపిన వేళ్లు, ఇవన్నీ అయ్యేసరికి తెల్లటి గోళ్లు పచ్చబడతాయి. జెల్ పాలిష్ అయినా ఈ మరక తప్పదు. తెలుపు, లేత గులాబీ వేసుకోదలచినవారు వాటిని సాయంత్రం రిసెప్షన్‌కు అట్టేపెట్టుకోవడం మేలు.

వెలుతురు కూడా రంగును మార్చేస్తుంది. కొన్ని ఫంక్షన్ హాళ్లలో వేసే పచ్చటి దీపాల వెలుతురులో నీలి కాంతి తక్కువ. ఆ వెలుతురు పడినప్పుడు ముదురు నీలం, ముదురు వంకాయ రంగు, సీసాపచ్చ మూడూ నలుపుగానే కనిపిస్తాయి. పగలు దుకాణంలో ముచ్చటపడి కొన్న నేవీ బ్లూ రాత్రి పెళ్లిలో మాయమయ్యేది ఇందుకే. నీలమే కావాలంటే నెమలికంఠం దాకా తేలిక చేసుకోవాలి, లేదా పైన సన్నటి మెరుపు పూత వేసుకోవాలి. ఎరుపు, రాగి, బంగారు రంగులకు మాత్రం ఆ పచ్చటి వెలుతురు మరింత వన్నె తెస్తుంది. దీపావళి రాత్రి ప్రమిదల వెలుగులో రాగి రంగును మించింది లేదు. అలాగని దీపాల దగ్గర కూర్చుని పాలిష్ వేసుకోకూడదు. పాలిష్, రిమూవర్ రెండూ ఇట్టే అంటుకునే ద్రవాలు.

ఒక పెళ్లికూతురి సంగతే తీసుకుంటే ఇవన్నీ ఎలా కలిసివస్తాయో తెలుస్తుంది. ముదురు చామనచాయ, పచ్చటి జీర. పొద్దున ముహూర్తం, ఎర్రంచు ఉన్న తెల్లటి మధుపర్కం చీర. సాయంత్రం రిసెప్షన్‌కు సీసాపచ్చ పట్టు. చేతులకు నిండా గోరింటాకు. ఆ రోజు ఆమె గోళ్లు అందరి కంటా పడేది జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు. వరుడి నల్లటి జుట్టు మీద వేళ్లన్నీ పరుచుకుంటాయి, కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. నల్లటి జుట్టు మీద సీసాపచ్చ, నేవీ బ్లూ తేలవు. తెలుపు తేలినా తలంబ్రాల పసుపుకు నిలవదు. నారింజ ఎరుపు గోరింటాకులో కలిసిపోతుంది. మిగిలింది దానిమ్మ ఎరుపు. అది చీర అంచుకూ కుదురుతుంది, జుట్టు మీదా కనిపిస్తుంది. సాయంత్రానికి దాన్ని తుడిచే పనిలేదు. పైన సన్నటి బంగారు మెరుపు ఒక పూత వేస్తే సీసాపచ్చ పట్టుకూ జరీకీ జత కలుస్తుంది. కాళ్లకు కూడా ఇదే ఎరుపు వేస్తే పారాణి పక్కన, వెండి మెట్టెల పక్కన చక్కగా అమరుతుంది.

కొనే ముందు ఆ రంగు తన చేతికి ఎలా ఉంటుందో చూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ టేపు ముక్క మీద, పరిచయస్తుల సీసాలోంచో, దుకాణంలోని నమూనా సీసాలోంచో రెండు పూతలు వేసి ఆరనిచ్చి, గోటి ఆకారంలో కత్తిరించి గోటి మీద పెట్టుకోవాలి. దాన్ని ఒకసారి ఎండలో, ఒకసారి పచ్చటి దీపం కింద, చీర కొంగు పక్కన పెట్టి చూడాలి. సీసాను చేతి పక్కన పెట్టి చూసిన చూపు చాలాసార్లు మోసం చేస్తుంది. సీసాలో రంగు మందంగా ఉంటుంది, గోటి మీద పలుచనవుతుంది.

వేసుకునేటప్పుడు గోళ్ల మీద నలుగు నూనె జిడ్డు ఉంటే పాలిష్ పట్టుకోదు, రెండో రోజుకే పెచ్చులూడుతుంది. ముందుగా రిమూవర్ అద్దిన దూదితో గోటిని తుడిచి, బేస్ కోట్ వేయాలి. ముదురు ఎరుపులు గోటికి పచ్చటి మరక వేయకుండా కాపాడేది అదే. ఆ తర్వాత రెండు పలుచటి పూతలు, ఒక్కొక్కదాని మధ్య రెండు మూడు నిమిషాల విరామం, చివర టాప్ కోట్. ఒకే మందపాటి పూత వేస్తే పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది. దుప్పటి నేత అచ్చు దాని మీద పడిందంటే లోపల ఆరలేదని గుర్తు. ముట్టుకుంటే అంటకపోయినా పూర్తిగా గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. అందువల్ల ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే పని ముగించాలి. పొద్దున హడావిడిలో వేసిన పాలిష్ మీద జీలకర్ర బెల్లం ముద్ద అంటుకుని గుంటలు పడుతుంది.

పండగ అయ్యాక మెరుపు పాలిష్‌ను గోకి తీయకూడదు. రిమూవర్‌లో తడిపిన దూదిని కొద్ది నిమిషాలు గోటికి ఆనించి ఉంచితే రేకులు వాటంతటవే వదులుతాయి. రంగు పోయాక గోళ్లను ఒకసారి పరికించి చూడటం మంచిది. ముదురు మేనిచాయ ఉన్నవారి గోళ్ల మీద గోధుమ రంగు నిలువు గీతలు సహజంగానే ఉంటాయి, చాలావరకు వాటితో హాని లేదు. ఒకే వేలికి కొత్తగా గీత వచ్చినా, అది వెడల్పవుతున్నా, గోటి మొదట్లో చర్మానికి ఆ నలుపు పాకినా మళ్లీ పాలిష్ వేసి కప్పేయకుండా చర్మవైద్యులకు చూపించాలి.