చీటీలో గీత, పట్టికలో ప్రశ్న గుర్తు

మందుల చీటీ ఫోటో చూసి రోజువారీ పట్టిక రాసేటప్పుడు కన్ను చదివింది ఎంత, మనసు పూరించుకుంది ఎంత అన్నది రాసేవారికే తెలియకుండా పోతుంది. బీపీ, షుగరు మందుల పేర్లు ఏళ్ల తరబడి విన్నవారికి సగం అక్షరాలు కనిపిస్తే చాలు, మిగతా సగం తామే చదివేస్తారు. పట్టిక నీటుగానే వస్తుంది. కానీ అందులో ఏ అంకె చీటీలోది, ఏ అంకె ఊహలోది అన్న తేడా చెరిగిపోతుంది. ఆ తేడా చెరగకుండా రాయడమే ఈ పనిలో అసలు కష్టం. మందుల జనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన సవరించింది. కిక్కిరిసిన ఓపీలో రాసే చీటీల మీద ఆ సవరణ జాడ అన్నిసార్లూ కనిపించదు.

పని ఫోటోతో మొదలవుతుంది. చీటీని మడతలు సాపు చేసి బల్ల మీద పరిచి, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. ముందు తేదీ, రోగి పేరు, ఆసుపత్రి ఫోన్ నంబరుతో సహా కాగితం మొత్తం, తర్వాత ఒక్కో మందు వరుసకు దగ్గరగా ఒక్కో ఫోటో తీయాలి. వెనకవైపు ఖాళీగా ఉందనిపించినా చూడాలి. రెండో నెల మోతాదు కొందరు అక్కడే రాస్తారు. ఫోన్లలో ఉండే స్కాన్ సదుపాయం కాగితాన్ని తెల్లగా, రాతను నల్లగా మార్చి చూపిస్తుంది. చూడటానికి బాగుంటుంది, మందుల చీటీకి మాత్రం అది పనికిరాదు. మరకలతో పాటు దశాంశ బిందువును కూడా అది తుడిచేయవచ్చు. 2.5 కాస్తా 25 అవుతుంది. మడత నీడ నల్లగా మారి 1 అంకెలా కనిపించడమూ ఉంది. అందుకే మామూలు రంగుల ఫోటోనే ఉంచుకోవాలి. దూరాన ఉన్న కొడుక్కో కూతురికో వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు.

చీటీలో ఒక్కో వరుసకు ఒక క్రమం ఉంటుంది: మాత్రా, క్యాప్సూలా, సిరప్పా అన్నది మొదట, ఆ తర్వాత పేరు, బలం, రోజుకు ఎన్నిసార్లు, తిండికి ముందా వెనకా, ఎన్ని రోజులు. 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైనప్పుడు మాత్రమే. ఏసీ అంటే తిండికి ముందు, పీసీ అంటే తిన్న తర్వాత. గుణకారం గుర్తు పక్కన 5/7 అని ఉంటే అది అయిదు రోజులు. ఏడులో అయిదో వంతో, అయిదు నుంచి ఏడు రోజులో కాదు.

చదివేటప్పుడు వరుసను ఒకే ముక్కగా చూడకుండా ఈ భాగాలుగా విడదీసి, ఒక్కోదాన్నీ విడిగా ప్రశ్నించాలి. పేరు స్పష్టంగా ఉండి బలం తేలకపోవచ్చు. అన్నీ తేలి ఎన్ని రోజులో తేలకపోవచ్చు. తేలని భాగం దగ్గర ఫోటో మీదే వేలితో ఎర్ర సున్నా చుట్టి, దానికి ఒక నంబరు ఇవ్వాలి. పట్టికలో అదే చోట అదే నంబరుతో ప్రశ్న గుర్తు పెట్టాలి. విడిగా ఒక కాగితం మీద ఆ నంబరు ఎదుట మూడు సంగతులు రాయాలి: కంటికి కనిపించింది ఏమిటి, అది ఏయే విధాలుగా చదవడానికి వీలుంది, చివరకు ఎవరు ఎప్పుడు ఏమని నిర్ధారించారు. మూడోది నిండేవరకు ఆ మందుకు పట్టికలో వేళ కేటాయించకూడదు. పెన్సిల్‌తో రాసుకుందాం, తర్వాత దిద్దుకుందాం అనే పద్ధతి ఇక్కడ చెల్లదు. పెన్సిల్ రాతను చూసి మాత్ర వేసుకునే మనిషికి అది అనుమానపు రాత అని తెలియదు.

ఒక చీటీని తీసుకుని చూద్దాం. షుగరు, థైరాయిడ్ రెండూ ఉన్న 60 ఏళ్ల ఆమెకు రాసింది. ఆరు వరుసలు. మొదటిది థైరాక్సిన్, పరగడుపున; బలం 25 మైక్రోగ్రాములో 75 మైక్రోగ్రాములో తెలియదు, మొదటి అంకె పైన వంకీ ఉంది, కింద గీత సగంలో ఆగింది. రెండోది మెట్‌ఫార్మిన్ 500, 1-0-1, తిన్న తర్వాత. మూడోది గ్లి అని మొదలై ఐడ్ అని ముగిసే పేరు, మధ్యలో అలలా సాగిన గీత, పక్కన 1, ఆ తర్వాత 1-0-0. నాలుగోది కాల్షియం 500, 0-1-0. అయిదోది విటమిన్ డి 60,000 యూనిట్లు, ఎన్నాళ్లకొకటో రాసిన చోట ఆసుపత్రి ముద్ర పడింది. ఆరోది పారాసిటమాల్ 650, ఎస్‌ఓఎస్.

ఇందులో ఎక్కువ ప్రలోభపెట్టేది మూడో వరుస. గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ రెండూ షుగరు మందులే, రెండూ అలాగే మొదలై అలాగే ముగుస్తాయి. గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర దుకాణాల్లో మామూలుగా దొరుకుతుంది, గ్లిపిజైడ్ ఎక్కువగా 5 మిల్లీగ్రాముల్లో వస్తుంది. కాబట్టి ఇది గ్లిమిపిరైడేనని తర్కం చెబుతుంది. కానీ ఆ 1 మందు బలమో, మాత్రల సంఖ్యో ఎలా తెలుస్తుంది? ఈ రకం మందు మోతాదు మించితే చక్కెర ఉన్నట్టుండి పడిపోయి చెమట, వణుకు, మగత వస్తాయి. అందుకే ఈ తర్కాన్ని పట్టికలోకి కాక, వీలున్న పాఠాల్లో ఒకటిగా అనుమానాల కాగితంలోకే ఎక్కించాలి. థైరాక్సిన్ విషయంలో పాత చీటీ తీసి చూడాలనిపిస్తుంది. అందులో 75 ఉంటే కొత్తదీ 75 అనుకోవడం సహజం. అయితే రక్తపరీక్ష చూశాక డాక్టరు మోతాదు మార్చి ఉండవచ్చు. పాత చీటీ సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. అయిదో వరుసలో 60,000 యూనిట్ల విటమిన్ డి మామూలుగా వారానికి ఒకటి రాసే మందు. ముద్ర కింద ఏముందో తెలియక రోజూ వేసుకుంటే ఒంట్లో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. కీళ్లవాతానికి వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు చాలా దేశాల్లో ఉన్నారు. వారపు మందు అని అనుమానం వస్తే అది చిన్న అనుమానం కాదు.

స్పష్టంగా కనిపించే రెండో వరుసలోనూ ఒక మెలిక ఉంది. మెట్‌ఫార్మిన్ 500 మామూలు మాత్రగానూ, మెల్లగా కరిగే ఎస్ఆర్ మాత్రగానూ దొరుకుతుంది. పేరు పక్కన చిన్న అక్షరాలు ఉన్నాయా లేవా అని పెద్దది చేసి చూడాలి. మెల్లగా కరిగే మాత్రను విరిచి, పొడి చేసి వేసుకోకూడదు.

మందుల షాపుకు ఫోటోతో పాటు అసలు చీటీ కూడా పట్టుకెళ్లాలి; కలం నొక్కుడు కాగితం మీద కనిపించినంతగా తెర మీద కనిపించదు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. కౌంటరు దగ్గరున్న కుర్రాడు మందులు తీసిచ్చే సహాయకుడైతే, అనుమానపు వరుసలు ఫార్మసిస్టుకే చూపించాలి. అడిగే తీరు కూడా ముఖ్యం. “ఇది 75యే కదండీ?” అంటే హడావిడిలో అవుననే సమాధానం వస్తుంది. “ఈ వరుసలో ఏం రాసి ఉందండీ?” అని అడిగి ఊరుకోవాలి. తన అంచనా చెప్పకుండా అడిగినప్పుడు వచ్చిన జవాబుకే విలువ. ఆ జవాబును తిరిగి చదివి వినిపించి, ఆయన ముందే కాగితంలో రాసుకోవాలి.

ఫార్మసిస్టూ మనిషే. 1995లో అమెరికాలోని టెక్సస్‌లో ఒక డాక్టరు గుండెనొప్పికి ఐసార్డిల్ 20 మిల్లీగ్రాములు ఆరు గంటలకొకసారి అని రాశారు. ఫార్మసిస్టు దాన్ని ప్లెండిల్ అని చదివారు. అది బీపీ మందు, రోజుకు 10 మిల్లీగ్రాములే గరిష్ఠం; ఆ లెక్కన రోగికి అందింది 80. ఆయన చనిపోయారు. 1999లో జ్యూరీ డాక్టరుతో పాటు ఫార్మసిస్టునూ బాధ్యులను చేసింది. ఆ చీటీలో పేరును ప్లెండిల్ అని చదివినప్పుడు, మోతాదు ఆ పేరుకు నప్పలేదు. ఆపి ఆలోచించాల్సిన చోటు అదే. అందువల్ల ఫార్మసిస్టు తటపటాయించినా, ఆయన చెప్పిన పేరు రోగికున్న జబ్బుతో పొసగకపోయినా, చీటీ మీది నంబరుకు ఫోన్ చేసి డాక్టరునే అడగమని కోరాలి. ఈలోగా పాత మందు వాడుతున్నవారు దాన్ని తమంతట తాము ఆపేయకూడదు. అదే ఫోన్‌లో ఆ సంగతీ అడిగేస్తే సరిపోతుంది.

మన చీటీకి వచ్చిన జవాబులు ఇవి అనుకుందాం: థైరాక్సిన్ 75, మూడోది గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము టిఫిన్‌కు ముందు, మెట్‌ఫార్మిన్ మామూలు మాత్ర, విటమిన్ డి వారానికొకటి చొప్పున 8 వారాలు. ఇప్పుడు వేళలు వేయాలి, అదీ గడియారాన్ని బట్టి కాక ఇంట్లో తినే వేళలను బట్టి. థైరాక్సిన్ పొద్దున 6 గంటలకు మంచినీళ్లతో. కాఫీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి కాఫీ 7 తర్వాతే. లేవగానే కాఫీ తాగే ఇళ్లలో ఈ గంట గడపడం మాత్ర మింగడం కన్నా కష్టం. గ్లిమిపిరైడ్ 8:15కి, ప్లేటు ముందుకు వచ్చాక. ఏకాదశికో శనివారానికో ఉపవాసం ఉండే అలవాటుంటే ఆ రోజు ఈ మందు సంగతి ముందే డాక్టరును అడిగి పట్టికలో రాయాలి. టిఫిన్ అయ్యాక మెట్‌ఫార్మిన్. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో, 1:30కి; థైరాక్సిన్‌కూ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం కావాలి, ఇక్కడ ఏడున్నర ఉంది. రాత్రి భోజనం తర్వాత మళ్లీ మెట్‌ఫార్మిన్. విటమిన్ డి రోజువారీ గడుల్లో ఉండకూడదు. కింద విడిగా ఆదివారం అని రాసి, ఎనిమిది తేదీలూ వేసి, వేసుకున్నప్పుడల్లా కొట్టేయాలి. పారాసిటమాల్‌కు వేళ ఉండదు. రోజుకు గరిష్ఠంగా ఎన్ని, మధ్యలో ఎంత ఎడం అన్నవి ఫార్మసిస్టును అడిగి దాని పక్కనే రాయాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుందన్న మాట అక్కడే చేర్చాలి.

చివరి సరిచూపు మాత్రల స్ట్రిప్పులతో. చీటీలో ఉన్న పేరు, షాపులో ఇచ్చిన బ్రాండు పేరు వేరుగా ఉండవచ్చు. స్ట్రిప్ వెనక ముద్రించిన జనరిక్ పేరు, బలం పట్టికతో అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే షాపు గుమ్మం దిగకముందే అడగాలి. పట్టిక తల మీద చీటీ తేదీ ఉండాలి. కొత్త చీటీ వచ్చిన రోజు పాత పట్టికలో అంకెలు దిద్దకుండా కొత్తది మొదటి నుంచి రాసి, ఫ్రిజ్ మీద, పర్సులో, పిల్లల ఫోన్లలో ఉన్న పాత ప్రతులన్నీ తీసేయాలి.