కొన్న చీరకే మళ్లీ ప్రకటన ఎందుకు?

ఆన్‌లైన్‌లో మంగళగిరి నేత చీర కొన్నారు. అది ఇంటికి వచ్చింది, ఒకసారి కట్టుకోవడం కూడా అయింది. అయినా ఫేస్‌బుక్ తెరిస్తే అదే చీర, అదే జరీ అంచు మళ్లీ ఎదురవుతుంది. ఫోను మన మాటలు వింటోందని చాలామంది అనుమానిస్తారు. ఈ ప్రకటనకు ఆ అవసరమే లేదు. మీరు ఏ చీర చూశారో, ఏది బుట్టలో వేశారో చెప్పే చిన్న కోడ్ ఆ దుకాణం వెబ్‌సైటులోనే ఉంది. దాన్ని ట్రాకింగ్ పిక్సెల్ అంటారు. వచ్చి వెళ్లినవారికే డబ్బు పెట్టి మళ్లీ ప్రకటన చూపించడం రీటార్గెటింగ్. కొన్నవారికి కూడా అది కనిపిస్తోందంటే మధ్యలో ఎక్కడో కబురు తప్పిందన్నమాట. ఎక్కడ తప్పిందో తెలియాలంటే ముందు ఆ కబురు ఎలా వెళ్తుందో చూడాలి.

మొదట్లో పిక్సెల్ నిజంగానే ఒక బొమ్మ. ఒక చుక్క వెడల్పు, ఒక చుక్క ఎత్తు, కంటికి కనిపించదు. పేజీలో బొమ్మ ఉందంటే బ్రౌజర్ వెళ్లి దాన్ని తెచ్చుకుంటుంది. ఆ బొమ్మ దుకాణం సర్వర్‌లో కాకుండా ఫేస్‌బుక్ యజమాని మెటా సర్వర్‌లో ఉంటే, బ్రౌజర్ అక్కడికి వెళ్లి అడుగుతుంది. అలా అడగడంలోనే సమాచారం చేరిపోతుంది. ఇప్పుడు ఈ పనిని ఎక్కువగా జావాస్క్రిప్ట్ చేస్తోంది. అది పనిచేయని బ్రౌజర్ల కోసం మాత్రం మెటా ఇచ్చే కోడ్‌లో ఆ పాత బొమ్మ ఇంకా ఉంది:

```html
<noscript><img height="1" width="1" style="display:none"
src="https://www.facebook.com/tr?id=PIXEL_ID&ev=PageView&noscript=1"/></noscript>
```

`id` దగ్గర దుకాణానికి మెటా ఇచ్చిన నంబరు ఉంటుంది. `ev` దగ్గర జరిగిన పని ఉంటుంది: పేజీ తెరిస్తే `PageView`, బుట్టలో వేస్తే `AddToCart`, కొంటే `Purchase`. మీరు అదే బ్రౌజర్‌లో ఫేస్‌బుక్‌లోకి లాగిన్ అయి ఉంటే, ఈ అభ్యర్థనతో పాటు ఫేస్‌బుక్ కుకీ కూడా వెళ్లవచ్చు. అప్పుడు వచ్చింది ఎవరో మెటాకు తెలుస్తుంది. దుకాణదారుకు మాత్రం పిక్సెల్ మీ పేరు చెప్పదు. 'బుట్టలో వేసి కొననివారు' అనే గుంపు, అందులో సుమారు ఎంతమంది ఉన్నారన్న లెక్క, అంతే అతనికి కనిపిస్తుంది. సఫారీ బ్రౌజర్ 2020 నుంచి ఇలాంటి బయటి కుకీలను పూర్తిగా అడ్డుకుంటోంది. అందుకే ఐఫోన్ వాడేవారి విషయంలో ఈ గుర్తింపు చాలాసార్లు తప్పుతుంది.

పేజీ చిరునామా కూడా ఈ కబురుతో పాటే వెళ్తుంది. చీర పేజీ అయితే దానివల్ల పోయేదేమీ లేదు. మందుల దుకాణమైతే ఆ చిరునామాయే జబ్బు పేరు చెప్పేస్తుంది. అమెరికాలో మందుల ధరలు చూపే గుడ్‌ఆర్ఎక్స్ సంస్థ ఇలా ఆరోగ్య వివరాలను ప్రకటనల కంపెనీలకు చేరవేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెట్టింది. చివరకు ఆ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. ఆసుపత్రి, డయాగ్నొస్టిక్ సెంటర్, మందుల దుకాణం నడిపేవారు రోగుల పేజీల్లో పిక్సెల్ పెట్టనే కూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన చీర దగ్గరికి వద్దాం. ప్రకటనల ఖాతాలో దుకాణదారు రెండు గుంపులు తయారు చేసుకుంటాడు. గత 30 రోజుల్లో బుట్టలో వేసినవారికి ప్రకటన చూపించమంటాడు, గత 180 రోజుల్లో కొన్నవారిని తీసేయమంటాడు. రెండో గుంపు `Purchase` కబురు మీదే ఆధారపడి ఉంటుంది. ఆ కబురు సాధారణంగా 'మీ ఆర్డర్ అందింది, ధన్యవాదాలు' అనే చివరి పేజీ తెరుచుకున్నప్పుడు బయల్దేరుతుంది. మన దగ్గర చిక్కంతా అక్కడే. కొనేవారు యూపీఐ ఎంచుకోగానే ఫోన్‌పేలోకో గూగుల్‌పేలోకో వెళ్తారు, పిన్ కొడతారు, డబ్బు వెళ్లిందన్న మెసేజ్ చూసి ఫోను పక్కన పెట్టేస్తారు. మళ్లీ బ్రౌజర్‌లోకి రారు. చివరి పేజీ తెరుచుకోదు, `Purchase` వెళ్లదు. మెటా లెక్కలో ఆమె ఇంకా బుట్ట దగ్గరే ఉంది.

దీన్ని కనిపెట్టడం తేలిక. ఒక వారంలో పేమెంట్ గేట్‌వేలో పడిన ఆర్డర్లు ఎన్ని, మెటా ఈవెంట్స్ మేనేజర్‌లో `Purchase` ఎన్ని అని పక్కపక్కన పెట్టి చూడాలి. మెటా అంకె బాగా తక్కువగా ఉంటే కబురు తప్పుతోందని అర్థం. ఎక్కువగా ఉంటే, కొన్నవారు ఆర్డర్ వివరాల కోసం అదే పేజీ మళ్లీ తెరిచినప్పుడల్లా ఇంకో అమ్మకంగా నమోదవుతోందేమో చూసుకోవాలి. తక్కువ పడుతుంటే మందు ఏమిటంటే, గేట్‌వే నుంచి డబ్బు అందిందన్న సమాచారం రాగానే దుకాణం సర్వరే కన్వర్షన్స్ ఏపీఐ ద్వారా మెటాకు నేరుగా చెప్పడం. బ్రౌజర్ పంపే కబురుకూ సర్వర్ పంపే కబురుకూ ఒకే ఆర్డర్ నంబరును `event_id`గా ఇస్తే మెటా వాటిని ఒకటిగానే లెక్కిస్తుంది. ఇలా కొన్నవారి వివరాలు పంపే ముందు వారి అనుమతి తీసుకోవడం దుకాణదారు బాధ్యత.

కబురు సరిగ్గా వెళ్తున్నా ఇంకో లెక్క మిగిలే ఉంటుంది. ప్రకటన క్లిక్ చేసిన 7 రోజుల్లోపు కొన్నా, క్లిక్ చేయకుండా చూసిన ఒక్క రోజులోపు కొన్నా, ఆ అమ్మకం తన వల్లే జరిగిందని మెటా మామూలుగా లెక్కేసుకుంటుంది. కానీ బుట్టలో వేసినవారంటే కొనడానికి చాలా దగ్గరికి వచ్చినవారు. ఇంట్లో అడిగో, జీతం పడ్డాకో కొందరు ఎలాగూ కొంటారు.

అందుకని బుట్ట వదిలేసినవారు 4,000 మంది అనుకుని లెక్క వేద్దాం. వెబ్‌సైటు వారిని చీటీ తీసినట్టు రెండు సగాలు చేస్తుంది. మొదటి సగానికి మాత్రమే ఈ వరుస పంపుతుంది:

```js
fbq('trackCustom', 'CartTestA');
```

ఈ కబురు వచ్చినవారికే ప్రకటన వెళ్తుంది, మిగతా 2,000 మందికి వెళ్లదు. ప్రకటనకు అయిన ఖర్చు 30,000 రూపాయలు. చూసిన సగంలో 240 మంది కొన్నారు, చూడని సగంలో 160 మంది. మెటా ఖాతాలో ఆ 240 అమ్మకాలూ ప్రకటన పేరుతోనే పడవచ్చు. అంటే అమ్మకానికి 125 రూపాయలు. చీరకు 300 లాభం ఉంటే బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజంగా ప్రకటన తెచ్చిన అమ్మకాలు 80 మాత్రమే. అంటే ఒక్కోదానికి 375 రూపాయలు, చీరకు 75 రూపాయల నష్టం.

అలాగని రీటార్గెటింగ్ పనిచేయదని కాదు. ఇంటి నిర్మాణ సామగ్రి అమ్మే బిల్డ్‌డైరెక్ట్ వెబ్‌సైటుపై సాహ్ని, నారాయణన్, కల్యాణం ఇలాగే జనాన్ని విడదీసి పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. ప్రకటనల వల్ల వెబ్‌సైటుకు తిరిగి వచ్చినవారు 14.6 శాతం పెరిగారు. మొదటి వారంలో చూపిన ప్రకటనల ప్రభావమే ఎక్కువగా ఉంది. మన దుకాణదారు కూడా 30 రోజుల గుంపును 3 రోజులకు కుదించి, అదే పరీక్ష మళ్లీ పెట్టి చూడాలి. ఖర్చు 9,000కు దిగి, అదనపు అమ్మకాలు 80 నుంచి 50కి తగ్గినా, ఒక్కోదానికి పడేది 180 రూపాయలే. 300 లాభంలో 120 చేతిలో మిగులుతుంది.