యజమాని అద్దె పుచ్చుకోకపోతే?

ఇల్లు ఖాళీ చేయించదలచిన యజమాని అద్దె పుచ్చుకోకుండా ఉండటం పాత ఎత్తుగడ. బాకీపడినట్లు కనిపించేది అద్దెదారే గదా! జంషెడ్‌పూర్‌లోని కద్మా ప్రాంతానికి ఒకప్పుడు వర్తించిన 1982 నాటి బీహారు అద్దె నియంత్రణ చట్టం దీనికి విరుగుడు చూపింది.

ఒప్పందంలో గడువు లేనప్పుడు జనవరి అద్దెను ఫిబ్రవరి ఆఖరులోగా, ఫిబ్రవరి అద్దెను మార్చి ఆఖరులోగా చెల్లించవలసి ఉండేది. ఆ రెండూ బాకీపడితే ఇల్లు ఖాళీ చేయించేందుకు దావా వేయవచ్చు. కనుక జనవరి అద్దెను యజమాని తిరస్కరించగానే అద్దెదారు దానిని మనియార్డరు చేయాలి. తరువాతి నెలల అద్దెలనూ అలాగే పంపాలి. పైకం తిరిగివచ్చినా తపాలా రసీదులే అతనికి సాక్ష్యం.

మరి నేరుగా జమకట్టరాదా? యజమాని మరణించి, అద్దె ఏ కుమారునికి చెందునో అన్న నిజమైన సందేహం కలిగితే కంట్రోలరు వద్ద జమకట్టే వీలుండేది. తిరస్కరణకు మాత్రం మనియార్డరే మార్గం. తమిళనాడు చట్టానికి సంబంధించిన పళనిస్వామి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, చట్టం చెప్పిన మెట్లను వరుసగా ఎక్కని జమ అద్దెదారును కాపాడదని తేల్చింది.

జార్ఖండ్ 2011లో సొంత చట్టం చేసుకుంది. పైకం కట్టేముందు అందులోని మెట్లేవో చూసుకోవడం అవసరం.