వీధి టైలర్ షాపు ప్రచారం: నెలకు మూడు వేలు ఎలా పంచుకోవాలి

లేడీస్ టైలర్ షాపు వారు కుట్టిన బ్లౌజు ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెడితే అది జనానికి రెండు రకాలుగా చేరుతుంది. పైసా కట్టకుండా పెట్టిన పోస్టును ఎవరికి చూపించాలో ఆ యాప్ తనంతట తానే తేల్చుకుంటుంది. అదే పోస్టును డబ్బు కట్టి బూస్ట్ చేస్తే ఏ ఊళ్లో, ఎంత దూరం లోపల, ఏ వయసు వారికి కనిపించాలో షాపు వారే చెప్పుకోవచ్చు. వీధి షాపుకు ఈ తేడా చాలా పెద్దది. ఉచితంగా పెట్టిన రీల్‌ను బ్లౌజు డిజైన్లు ఇష్టపడేవారు ఎక్కడెక్కడి నుంచో చూస్తారు. విజయవాడ షాపు రీల్‌ను ఇరవై వేల మంది చూసినా, వారిలో సగం మంది బెంగళూరులోనో వరంగల్‌లోనో ఉంటే వారెవరూ చీర, కొలత జాకెట్టు పట్టుకుని షాపు మెట్లెక్కరు. బూస్ట్‌కు కట్టే డబ్బుతో అసలు కొనుక్కునేది దగ్గరి మనుషుల చూపును.

అలాగని డబ్బంతా బూస్ట్‌కే పెడితే అదీ వృథా అవుతుంది. రెండు వీధుల అవతల ఉన్న ఆవిడకు ప్రకటన కనిపించిందంటే ఆవిడ వెంటనే ఫోన్ చేయదు. ముందు షాపు పేజీ తెరిచి చూస్తుంది. అందులో మూడే ఫొటోలు ఉండి, చివరిది ఆరు నెలల కిందటిదైతే అక్కడితో మూసేస్తుంది. పట్టుచీర మీది బ్లౌజు గుడ్డ ఒక్కసారి కత్తెర పడితే మళ్లీ రాదు. అందుకే కొత్త టైలర్ చేతికి ఇచ్చే ముందు ఆవిడ పనితనం చూసుకోవాలనుకుంటుంది. ఆ పనితనాన్ని చూపించేవి ఉచిత పోస్టులే. కాబట్టి ముందు పేజీ నిండాలి, బూస్ట్ ఆ తర్వాత.

ఉదాహరణకు విజయవాడ సత్యనారాయణపురం లాంటి పేటలో రెండు మెషీన్లున్న షాపును తీసుకుంటే, ప్రచారానికి నెలకు రూ.3,000 తీయగలదని, రోజుకు ఆరు చొప్పున నెలకు 150 లైనింగ్ బ్లౌజులు కుట్టగలదని అనుకోవచ్చు. పాత ఖాతాదారుల నుంచే 115 దాకా వస్తుంటే, మిగిలిన ఖాళీ 35 బ్లౌజులదే. ప్రచారం నింపాల్సింది ఆ 35నే. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, ఊరిని బట్టీ షాపును బట్టీ మారతాయి. కానీ ఖాళీ ఎంతో తెలియకుండా బడ్జెట్ వేసుకున్న షాపు సాధారణంగా అవసరానికి మించే ఖర్చు పెడుతుంది.

మొదటి రెండు నెలల ఆరు వేలనూ బూస్ట్ జోలికి పోకుండా పేజీకే పెట్టడం మంచిది. ఫోన్ స్టాండు, ఒక ఎల్‌ఈడీ లైటు, బ్లౌజు తొడిగి చూపించడానికి ఒక బొమ్మ, వెనక వేలాడదీయడానికి సాదా గుడ్డ, వాట్సాప్ బిజినెస్ నంబరు క్యూఆర్ కోడ్‌తో అచ్చు వేయించిన కార్డులు ఇందులో వచ్చేస్తాయి. పేజీలో కనీసం పదిహేను పోస్టులు నిండేదాకా బూస్ట్ బటన్ నొక్కకపోవడమే లాభం. ఆ తర్వాత నెలకు వెయ్యి చాలు. దానిలో ఎక్కువ భాగం వారానికి ఒక పూట ఫొటోలు, వీడియోలు తీసి పెట్టే సహాయకురాలి కూలికి పోతుంది, మిగిలింది కార్డులకు. ఉచిత పోస్టు అంటారు గానీ, మెషీన్ ఆపి ఫొటో తీసిన సమయానికీ ఖరీదు ఉంది. ఆ ఖరీదును లెక్కలో వేయని షాపుల్లో నెల తిరిగేసరికి పోస్టులు ఆగిపోతాయి.

ఏ పోస్టు పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. వెనక మెడ డిజైను ఫొటోలు అందరూ పెడతారు. అవి అందంగానే ఉంటాయి, కానీ టైలర్ చేతిపని ఎలాంటిదో వాటితో తెలియదు. బ్లౌజును తిరగేసి లోపలి కుట్టు చూపించే అర నిమిషం వీడియో అంతకంటే బాగా పనిచేస్తుంది. లైనింగ్ అంచులకు ఓవర్‌లాక్ పడిందా, చంక దగ్గర గుడ్డ ముడతపడకుండా కూర్చుందా, పక్క కుట్టు లోపల ఇంచున్నర గుడ్డ వదిలారా అన్నది కెమెరాను దగ్గరగా పెట్టి చూపాలి. రేపు కాస్త ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని ఆ గుడ్డను చూసిన ఆడవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఫొటోలు ఉదయం కిటికీ వెలుగులో తీయాలి. ట్యూబులైటు కింద జరీ తెల్లబోతుంది, చీర రంగు మారుతుంది. పోస్టు కింద ధర ఎంత నుంచి మొదలవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో, షాపు ఏ గుర్తు పక్కన ఉందో రాయాలి.

పెళ్లికూతురి మగ్గం వర్క్ బ్లౌజును ఆ ఇంటివారిని అడగకుండా పెట్టకూడదు. పెళ్లి కాకముందే డిజైను బయటికి రావడం చాలామందికి నచ్చదు. అడిగి, ముహూర్తం దాటాక పెట్టడం మర్యాద. నెట్‌లో దొరికిన వేరేవారి ఫొటోను తమ పనిగా పెట్టుకోవడం మోసమే. అదే కావాలని వచ్చిన మనిషి ముందు ఆ షాపు పరువు నిలవదు కూడా.

పేజీ నిండాక నెలనెలా బూస్ట్ పేరిట పక్కన పెట్టే రెండు వేల సంగతి చూడాలి. సాధారణంగా చాలా షాపులు దాన్ని ప్రతి నెలా సమానంగా ఖర్చు పెట్టేస్తాయి. టైలర్ పనికి ఆ పద్ధతి సరిపడదు. కుట్టుపని పండగలతో, ముహూర్తాలతో నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల షాపుల్లో తగ్గింపు అమ్మకాలు జోరుగా ఉంటాయి. ఆడవారు చీరలు కొని బీరువాలో పెట్టుకునేది అప్పుడే. ఆ చీరలకు బ్లౌజులు కావలసింది శ్రావణ శుక్రవారాలకు, వరలక్ష్మీ వ్రతానికి. అంటే ఆషాఢంలో టైలర్‌కు చేతి నిండా పని లేకపోయినా, గిరాకీ మాత్రం ఇళ్లలో పోగవుతూ ఉంటుంది. బూస్ట్ చేయాల్సిన సరైన కాలం అదే. శ్రావణం వచ్చాక బూస్ట్ చేస్తే వచ్చిన కొత్తవారికి టైమ్ లేదని చెప్పి పంపాలి. డబ్బు కట్టి పిలిపించి తిప్పి పంపిన మనిషి మళ్లీ రాదు. దసరాకు, మాఘమాసపు పెళ్లిళ్లకు, వేసవి ముహూర్తాలకు కూడా ఇలాగే మూడు నాలుగు వారాల ముందు మొదలుపెట్టాలి. మిగిలిన పది నెలల్లో రెండేసి వేలు దాచితే ఇరవై వేలు అవుతుంది. నాలుగు సీజన్లకు ఐదేసి వేలు. మొదటి సీజన్‌కు అంత పోగవకపోతే ఉన్నంతలో చేసుకోవచ్చు.

ఆ ఐదు వేలూ ప్రకటనకు పూర్తిగా చేరవు. 18 శాతం జీఎస్టీ పోగా రూ.4,237 మిగులుతుంది. జీఎస్టీ నమోదు లేని చిన్న షాపుకు ఆ పన్ను తిరిగి వచ్చే దారి లేదు. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేస్తే దాని మీద ఆపిల్ తీసుకునే 30 శాతం రుసుము కూడా పడే వీలుంది. 2024లో మొదలైన ఈ వసూలు తప్పాలంటే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి అక్కడి నుంచి బూస్ట్ చేసుకోవాలి.

బూస్ట్ చేసేటప్పుడు లక్ష్యం అడుగుతుంది. ప్రొఫైల్ చూసేవారు కావాలా, మెసేజ్ పెట్టేవారు కావాలా అన్నప్పుడు మెసేజ్‌లే ఎంచుకుని వాట్సాప్ నంబరుకు కలపాలి. ఎవరికి చూపాలో యాప్‌కే వదిలేస్తే అది ఇప్పటి ఫాలోయర్లను పోలినవారిని వెతుకుతుంది. ఆ ఫాలోయర్లే నాలుగు ఊళ్లలో ఉంటే దూరం సమస్య మళ్లీ మొదటికొస్తుంది. షాపు ఉన్న చోట పిన్ పెట్టి, చుట్టూ మూడు కిలోమీటర్లు, ఆడవారు, 22 నుంచి 55 ఏళ్లు అని స్వయంగా ఇవ్వడమే మేలు. సినిమా పాట పెట్టిన రీల్‌ను సాధారణంగా బూస్ట్ చేయనివ్వదు. బూస్ట్ చేయాలనుకున్న వీడియోకు మొదటి నుంచే మెషీన్ చప్పుడో టైలర్ మాటలో ఉంచుకుంటే చివరి నిమిషంలో చిక్కు ఉండదు.

ఏ పోస్టును బూస్ట్ చేయాలో ఉచిత పోస్టులే చెబుతాయి. లైకులు కాదు, ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది స్నేహితులకు పంపారు అన్నది చూడాలి. అలా తేలిన రెండు పోస్టులను రోజుకు రూ.150 చొప్పున మూడేసి రోజులు నడిపితే తొమ్మిది వందలు అవుతాయి. దేనికి ఎక్కువ మెసేజ్‌లు వస్తే దాన్ని, మిగిలిన డబ్బుతో రోజుకు రూ.300 చొప్పున పదకొండు రోజులు నడపాలి. మూడు కిలోమీటర్ల వలయంలో మనుషులు కొందరే కాబట్టి, కొన్నాళ్లకు చూసినవారే మళ్లీ మళ్లీ చూస్తారు. యాడ్స్ మేనేజర్‌లో ఒక్కొక్కరు సగటున ఎన్నిసార్లు చూశారో కనిపిస్తుంది. అది పెరుగుతూ మెసేజ్‌లు తగ్గుతుంటే రోజులు మిగిలున్నా ఆపేయాలి.

ఫలితాన్ని తేల్చేది కొలతల పుస్తకం. కొత్తగా వచ్చిన ప్రతివారి పేరు పక్కన ఎక్కడ చూసి వచ్చారో ఒక్క మాట రాసుకోవాలి. పై షాపుకు ఆషాఢంలో 40 మెసేజ్‌లు వచ్చి, సగానికి పైగా ధర అడిగి ఊరుకుని, చివరకు 11 మంది ఒక్కో బ్లౌజు ఇచ్చారనుకుంటే, ఒక్కొక్కరిని తెచ్చుకోవడానికి అయిన ఖర్చు సుమారు రూ.455. లైనింగ్ బ్లౌజుకు రూ.500 తీసుకుని, లైనింగు, దారం, హుక్కులు, కూలి పోగా రూ.180 మిగిలితే మొదటి బ్లౌజు మీద నష్టమే. కొత్త టైలర్‌ను పరీక్షించడానికి ఎవరైనా ఒక్కటే ఇస్తారు. అది ఒంటికి సరిగ్గా కుదిరి వారిలో ఆరుగురు శ్రావణంలో రెండేసి, దసరాకు మళ్లీ రెండేసి ఇస్తే మొత్తం 35 బ్లౌజులు, మిగులు రూ.6,300. ఐదు వేలు తిరిగి వచ్చేది అప్పటికి గానీ కాదు. నెల తిరక్కముందే లాభనష్టాలు తేల్చేసుకుంటే బూస్ట్‌ను అనవసరంగా తప్పు పట్టినట్టవుతుంది.

ఆ ఆరుగురిని మళ్లీ రప్పించేది మాత్రం ఉచిత వైపే. వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది, నంబరు సేవ్ చేసుకున్నవారికే కనిపిస్తుంది. అందుకే బ్లౌజు చేతికిచ్చేటప్పుడు కార్డు ఇచ్చి, నంబరు సేవ్ చేసుకోమని చెప్పడం వెయ్యి రూపాయల బూస్ట్ కన్నా విలువైన పని. దసరాకు ముందు స్టేటస్‌లో ఫలానా తేదీ వరకే తీసుకుంటామని పెడితే పాతవారు చీరలు పట్టుకుని ముందే వస్తారు.

రెండు సీజన్లు గడిచాక కూడా ఒక్కో కొత్త మనిషికి అయిన ఖర్చు వారి నుంచి మిగిలిన దానికంటే ఎక్కువగా ఉంటే, బూస్ట్ సొమ్మును సగానికి తగ్గించి ముందు కుట్టులో లోపమేమిటో, వాట్సాప్ జవాబులు ఆలస్యమవుతున్నాయేమో చూసుకోవాలి. అదే నెలకు 150 బ్లౌజులూ నిండిపోయి పుస్తకంలో మూడు వారాల వరకు ఖాళీ లేకపోతే, ఆ షాపుకు ఇక బూస్ట్ అవసరం లేదు. ఆ డబ్బు మూడో మెషీన్‌కో కుట్టుమనిషి జీతానికో పెట్టడమే సరైన ఖర్చు.