తొట్టి కావాలా, మూడో వరుస సీటు కావాలా?

అనంతపురం జిల్లాలో బోరు మోటార్లు బిగించి, చెడిపోయినవి బాగుచేసే ఒక దుకాణదారుణ్ణి ఊహించుకుందాం. ఇంట్లో ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులు: మొత్తం ఆరుగురు. వారంలో రెండు మూడు రోజులు పొలాలకు మోటారు, పైపులు, పనిముట్లు మోయాలి. పండక్కి అత్తగారి ఊరికీ, నాన్నను చూపించడానికి ఆసుపత్రికీ అదే బండి కావాలి. రెండు బండ్లు కొనే స్తోమత లేదు. డబుల్ క్యాబిన్ పికప్ తీసుకోవాలా, ఎస్‌యూవీ తీసుకోవాలా? మోటారు దుకాణం ఉన్నా, మేస్త్రీ పని చేసినా, మామిడి తోట ఉన్నా ఈ ప్రశ్న ఒకటే.

షోరూముకు వెళ్లేముందు బరువు లెక్క వేసుకోవాలి. 600 అడుగుల లోతుకు మోటారు దించాలంటే మూడు మీటర్ల కాలమ్ పైపులు అరవై దాకా కావాలి. పైపు ఏడు కిలోలు అనుకున్నా నాలుగు క్వింటాళ్లు దాటుతుంది. మోటారు, పంపు కలిపి ఒక 70 కిలోలు, కేబుల్ మరో 70, గొలుసు కప్పీ, పనిముట్లు 40. సామానే ఆరు వందల కిలోలు. దానికి తోడు ముగ్గురు మనుషులు, అంటే మరో రెండు క్వింటాళ్లు.

ఏ బండి ఎంత మోస్తుందో ఆర్సీ చెబుతుంది. అందులో ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు విడివిడిగా ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది. ఏడుగురు కూర్చునే ఎస్‌యూవీలో మనుషులకే ఐదు క్వింటాళ్లు పోతుంది. సీట్లు మడిచి పైపులు కుక్కితే బండి వెనక్కి కుంగుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. ఈ మూడింట్లో ఏది కనిపించినా బరువు మించిందనో, అంతా వెనకే పడిందనో అర్థం.

అయితే తొట్టి ఉన్న ప్రతి బండీ టన్ను మోస్తుందనుకోవడం పొరపాటు. మహీంద్రా బొలెరో క్యాంపర్ సరుకు బండిగా పుట్టింది కాబట్టి టన్ను దాకా మోస్తుంది. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్ వేరే జాతి. సొంత వాడకానికి తెల్ల బోర్డుతో కొనేవాళ్ల కోసం, ప్రయాణ సుఖానికి పెద్దపీట వేసి చేసినవి అవి. అవి మోసే బరువు టన్నుకు చాలా తక్కువ. ధరేమో క్యాంపర్‌కు రెండింతలు పైనే.

ఇంకో చిక్కు పొడవు. క్యాబిన్‌లో రెండు వరుసల సీట్లు పెట్టగా మిగిలే తొట్టి సుమారు ఐదడుగులు. మూడు మీటర్ల పైపు అందులో సగం కూడా సరిగ్గా పట్టదు. వెనక్కి పొడుచుకొచ్చేలా కట్టుకెళితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ కింద 20 వేల రూపాయల జరిమానా. అందుకే చాలామంది క్యాబిన్ పైదాకా ఇనప చట్రం బిగించుకుని పైపుల్ని దాని మీద కడతారు. కానీ ఎత్తులో బరువు పెరిగేకొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. హైలక్స్, ఫార్చ్యూనర్ ఒకే కుటుంబానికి చెందిన చట్రం మీద నిలబడ్డ బండ్లు. అయినా వెనక సీట్లో కూర్చుంటే తేడా నడుముకు తెలిసిపోతుంది. పికప్ వెనక ఇరుసు మీద లీఫ్ స్ప్రింగులు, అంటే మెకానిక్కులు కమాన్ కట్టలనేవి ఉంటాయి. బరువు పడితేనే అవి వంగుతాయి. తొట్టి ఖాళీగా ఉంటే ప్రతి గుంతకీ బండి వెనక భాగం ఎగిరిపడుతుంది. ఫార్చ్యూనర్‌లో ఉన్న కాయిల్ స్ప్రింగులు ఆ దెబ్బను చాలావరకు మింగేస్తాయి. కుటుంబ ప్రయాణంలో తొట్టి దాదాపు ఎప్పుడూ ఖాళీయే కాబట్టి, పికప్ కుదుపు ఎక్కువయ్యేది సరిగ్గా పిల్లలూ పెద్దలూ ఎక్కిన రోజునే. దానికితోడు పికప్ వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న తల్లిని ఆ ఎత్తు మెట్టు ఎక్కించడమూ తేలిక కాదు. వాన వస్తే పెట్టెలకు టార్పాలిన్ కప్పి తాడుతో బిగించాలి.

ఎస్‌యూవీ వాళ్లకు దీనికి తలకిందులైన బాధ. బోరులోంచి తీసిన మోటారు బురదతో, నీళ్లు కారుతూ ఉంటుంది. మూడో వరుస మడిచి, పట్టా పరిచి దాన్ని పెట్టినా, సాయంత్రానికి తివాచీ కింద తడి చేరుతుంది. రెండు నెలలకు ముక్కవాసన పట్టేస్తుంది. డీజిలు డబ్బా ఒక్కసారి ఒలికితే ఆ వాసనలోనే పిల్లలు బడికి వెళ్లాలి. తొట్టినైతే పైపు పెట్టి కడిగేస్తే సరిపోతుంది.

ఇంతకీ మన దుకాణదారు ఇంట్లో ఉన్నది ఆరుగురు. డబుల్ క్యాబిన్‌లో సీట్లు ఐదు. ఆరో మనిషి తొట్టిలో కూర్చుంటాడని చాలా ఇళ్లలో తేలిగ్గా అనేసుకుంటారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే ఏర్పాటు. తొట్టిలో బెల్టు లేదు, పైకప్పు లేదు. బండి బోల్తా కొడితే ముందుగా విసిరేసేది వాళ్లనే. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు పరిహారం కట్టే బాధ్యత బీమా సంస్థకు లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అప్పుడు ఆ భారం యజమాని నెత్తినే పడుతుంది.

బీమా కాగితం ఎస్‌యూవీ యజమాని కూడా చదవాల్సిందే. మన దేశంలో ప్రైవేటు కారు పాలసీలో వాడకానికి సంబంధించిన షరతు ఒకటి ఉంటుంది. శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప సరుకు రవాణాకు ఆ బండి వాడకూడదని అందులో రాసి ఉంటుంది. తెల్ల బోర్డు పికప్‌కు ప్రైవేటు కారు పాలసీ ఇచ్చినా అదే మాట వర్తిస్తుంది. దుకాణం సామాను మోస్తానని ముందే చెప్పి, అలా వాడితే క్లెయిము చెల్లుతుందో లేదో కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకోవడం మంచిది.

పసుపు బోర్డు తీసుకుంటే ఈ బెడద ఉండదు కానీ వేరే పని పడుతుంది. బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మూడు టన్నుల లోపు సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో ఏడున్నర టన్నుల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఒకటి గుర్తుంచుకోవాలి: 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ప్రయాణికుల కార్లకే గాని సరుకు బండ్లకు ఉండవు. పసుపు బోర్డు పికప్ కొనేవాళ్లకు ప్రమాదంలో ఆ బండి ఎంత కాపాడుతుందో చూసుకునేందుకు ఆ కొలమానం దొరకదు.

ఈ ఇంటికి మాత్రం ఎస్‌యూవీయే సరైనదని చెప్పాలి. ఆరుగురికీ బెల్టున్న సీటు అందులోనే ఉంది. పైపులూ మోటారూ దించే రోజున అద్దెకు చిన్న సరుకు ఆటో పిలిపించుకుని, ఆ కిరాయిని పని బిల్లులోనే కలపవచ్చు. వారంలో రెండు మూడు రోజులే కాబట్టి ఇది గిట్టుబాటవుతుంది. అదే నలుగురి కుటుంబమై, రోజూ బురద సామాను మోయాల్సి ఉంటే క్యాంపర్ లాంటి బండికే ఓటు. ఏది ఎంచుకున్నా బయానా ఇచ్చేముందు ఖాళీ బండిలో వెనక సీట్లో తల్లినీ పిల్లల్నీ కూర్చోబెట్టి, షోరూము ముందరి తారురోడ్డు మీద కాకుండా తాము రోజూ తిరిగే గతుకుల దారిలో ఓ అరగంట తిప్పి చూడాలి.