సెలవు మెయిల్ పంపేముందు క్యాలెండరు తెరవండి

విజయవాడలో ఒక హోల్‌సేల్ వ్యాపార సంస్థ. అక్కడ అకౌంట్స్ చూసే ఒకమ్మాయి చెల్లెలి పెళ్లికి సెలవు అడుగుతూ మేనేజరుకు ఇలా మెయిల్ రాసుకుందనుకుందాం: “సార్, మా చెల్లి పెళ్లి ఉంది. 5 నుంచి 10 వరకు సెలవు కావాలి. టికెట్లు బుక్ చేసేశాను. నా పనులు పక్క సీటు అసిస్టెంటు చూసుకుంటారు. వెంటనే ఓకే చెయ్యండి.”

చదవడానికి బాగానే ఉంది. కానీ దీనికి జవాబివ్వాలంటే మేనేజరు ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. పంపకముందే ఆ ప్రశ్నలు మనమే వేసుకోవాలి.

ముందు తేదీలు చూద్దాం. నెల పేరు లేదు. 10న ఆఫీసుకు వస్తుందా, 11న వస్తుందా? “వరకు” అన్న మాటను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. అందుకే తిరిగి డ్యూటీలో చేరే రోజును విడిగా రాయడం నాకు తప్పనిసరి అనిపిస్తుంది. 2026 మార్చి క్యాలెండరు తీస్తే 5వ తేదీ గురువారం, 10 మంగళవారం. ఆ ఆఫీసుకు శనివారం కూడా పనిరోజే కాబట్టి మధ్యలో వచ్చే ఆదివారం తీసేస్తే సెలవు 5 రోజులు. కొన్ని సంస్థలు సెలవుల మధ్య వచ్చే ఆదివారాన్నీ సెలవుగానే లెక్కేస్తాయి, అప్పుడు 6 అవుతుంది. ఏ లెక్కో హెచ్‌ఆర్ నిబంధనల్లో చూసుకుని, వారాల పేర్లతో సహా రాయాలి. తేదీ, వారం పొంతన కుదరకపోతే పొరపాటు అక్కడే దొరికిపోతుంది.

అసలు చిక్కు పనుల అప్పగింతలో ఉంది. “నా పనులు చూసుకుంటారు” అంటే ఏ పనులు? సెలవు తేదీల పక్కన ఆ నెల గడువు తేదీలు పెట్టి చూడండి. ఫిబ్రవరిలో మినహాయించిన టీడీఎస్ మార్చి 7లోగా కట్టాలి. అది సరిగ్గా సెలవు మధ్యలో పడింది. ఒక్కరోజు దాటి 8న కట్టినా, వడ్డీని మినహాయించిన నెల నుంచే లెక్కిస్తారు కాబట్టి, నెలకు 1.5 శాతం చొప్పున రెండు నెలలకు 3 శాతం పడుతుంది. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ. ఆమె తిరిగి వచ్చేదే ఆ రోజు! రైలు ఆలస్యమైతే ఏమిటి పరిస్థితి?

ఈ రెండింటినీ పక్క సీటుకు వదిలేయడం కన్నా, 4వ తేదీలోపు టీడీఎస్ కట్టేసి, అమ్మకాల బిల్లులన్నీ సరిచూసి జీఎస్టీఆర్-1 సిద్ధం చేసి వెళ్లడం మంచిది. మిగిలేది రిటర్ను దాఖలు చేసే ఆఖరి మెట్టు. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఓటీపీ. అది సంస్థ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నవారి మొబైలుకు, మెయిలుకు వెళుతుంది. ఫైలు అప్పగించినంత మాత్రాన పని ముందుకు కదలదు. ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుందో, ఆయన ఆ రోజు ఊళ్లో ఉంటారో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి. ఇక పక్క సీటు అసిస్టెంటును ముందే అడిగి, ఒప్పుకున్నాకే ఆయన పేరు రాయాలి, మెయిల్ కాపీ ఆయనకూ పెట్టాలి. తన పేరు మెయిల్లో చూసి ఆశ్చర్యపోయే మనిషి పని సరిగా అందుకోలేడు.

ఇక ధోరణి. “టికెట్లు బుక్ చేసేశాను” అంటే నిర్ణయం అయిపోయింది, మీకు చెబుతున్నానంతే అని ధ్వనిస్తుంది. “వెంటనే ఓకే చెయ్యండి” అంటే ఆజ్ఞ. అలాగని “దయతో క్షమించి మంజూరు చేయవలసిందిగా ప్రార్థన” అని వంగిపోనక్కర్లేదు. చెల్లెలి పెళ్లికి వెళ్లడం తప్పేమీ కాదు. కారణం ఒక్క వాక్యంలో చెప్పి, విషయం స్పష్టంగా ఉంచితే మర్యాద అందులోనే ఉంటుంది. “ఎప్పుడైనా ఫోన్ చేయండి” అని రాయడమూ సరికాదు. ముహూర్తం వేళ ఆ మాట నిలబెట్టుకోలేం.

ఇవన్నీ సరిచూశాక అదే మెయిల్ ఇలా అవుతుంది:

“సార్, మా చెల్లి పెళ్లికి మార్చి 5 (గురువారం) నుంచి 10 (మంగళవారం) దాకా, ఆ రెండు రోజులూ కలిపి, 5 పనిదినాలు సెలవు కోరుతున్నాను. 11 బుధవారం ఉదయం డ్యూటీలో చేరతాను. టీడీఎస్ 4వ తేదీలోపు కట్టేస్తాను. జీఎస్టీఆర్-1 సిద్ధం చేసి అసిస్టెంటు గారికి అప్పగిస్తాను, 9న దాఖలు చేయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆ రోజు ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది. అత్యవసరమైతే సాయంత్రం 5 నుంచి 6 మధ్య నాకు ఫోన్ చేయవచ్చు. ఈ తేదీలు ఇబ్బందైతే చెప్పండి సార్, మీ జవాబు చూశాకే టికెట్లు తీసుకుంటాను.”

మంజూరైనట్టు జవాబు వచ్చాక హాజరు పోర్టల్‌లోనూ ఇవే తేదీలు నింపాలి. మెయిల్లో ఒక లెక్క, పోర్టల్‌లో ఇంకో లెక్క ఉంటే, నెలాఖరున జీతం వేసేవాళ్లు చూసేది పోర్టల్‌నే.